లిమిట్ ఆర్డరా, మార్కెట్ ఆర్డరా: కొత్తగా షేర్లు కొనేవారికి ఏది ఎప్పుడు నప్పుతుంది

షేరు కొనబోతే యాప్ రెండు సంగతులు అడుగుతుంది. ఎన్ని షేర్లు కావాలి, ఆర్డర్ ‘మార్కెట్’లో పెట్టాలా ‘లిమిట్’లో పెట్టాలా. మొదటిదానికి జవాబు అందరి దగ్గరా ఉంటుంది. రెండోదాన్ని చాలామంది చూడనే చూడరు, యాప్ ముందే ఎంచి పెట్టినదానితోనే ముందుకు పోతారు. పెద్ద కంపెనీ షేరు పది కొనేవారికి దాంతో వచ్చే తేడా రూపాయి కూడా ఉండదు. చిన్న కంపెనీ షేర్లు రెండు వందలు కొనేవారికి మాత్రం ఆ ఒక్క ఎంపిక వందల రూపాయలు తినేస్తుంది, అదీ షేరు ధర ఒక్క పైసా పడకుండానే.

ఆదోని యార్డుకు పత్తి తెచ్చిన రైతు ‘ఈరోజు ఎంత పలికితే అంతకు ఇచ్చేస్తా’ అంటే అది మార్కెట్ ఆర్డర్. ‘క్వింటా ఇంతకు తక్కువైతే ఇవ్వను, బండి వెనక్కి తోలుకుపోతా’ అంటే లిమిట్ ఆర్డర్. మొదటి రైతు సరుకు అమ్ముడుపోతుంది, ఎంతకు పోతుందో చెప్పలేం. రెండో రైతుకు తన ధర కంటే తక్కువ రాదు, అసలు అమ్ముడుపోతుందో లేదో చెప్పలేం. షేర్ల దగ్గర కూడా ఈ రెండు హామీల్లో ఒకటి తీసుకుంటే రెండోది వదులుకోవాల్సిందే.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

అన్నిటికంటే ముందు చూడాల్సింది మీరు కొనే షేర్ల సంఖ్య, ఆ క్షణంలో అవతల అమ్మకానికి ఉన్న షేర్ల సంఖ్య. స్క్రీన్ మీద పెద్ద అంకెల్లో కనిపించే ధరను ఎల్‌టీపీ అంటారు. అది చివరగా జరిగిన లావాదేవీ ధర, అంటే అయిపోయిన సంగతి. ఆ ధరకు మీకు షేర్లు ఇవ్వడానికి ఇప్పుడు ఎవరైనా ఉన్నారో లేదో అది చెప్పదు. ఆ విషయం తెలిసేది ‘మార్కెట్ డెప్త్’లో. షేరు పేరు మీద నొక్కితే చాలా యాప్‌లలో అది తెరుచుకుంటుంది. ఒకవైపు కొనేవారి ఐదు మెరుగైన ధరలు, ఇంకోవైపు అమ్మేవారి ఐదు మెరుగైన ధరలు, ఒక్కో ధరకు ఎన్ని షేర్లున్నాయో కనిపిస్తాయి.

తర్వాత చూసుకోవాల్సింది తొందర. ఈరోజే పని జరగాలా, నాలుగు రోజులు ఆగినా ఫర్వాలేదా? మూడోది, ఆర్డర్ అమలయ్యే సమయానికి ఫోన్ మీ చేతిలో ఉంటుందా, లేక రాత్రి పెట్టి పొద్దున పనికి వెళ్లిపోతారా?

ఖర్చుల్లో మాత్రం తేడా లేదు. బ్రోకరేజీ గానీ, డెలివరీ కొనుగోలు మీద పడే 0.1 శాతం సెక్యూరిటీస్ లావాదేవీ పన్ను గానీ ఆర్డర్ రకాన్ని బట్టి మారవు. తేడా అంతా మీకు పడే ధరలోనే ఉంటుంది. లావాదేవీ తర్వాత బ్రోకర్ పంపే కాంట్రాక్ట్ నోట్‌లో అది ఛార్జీగా విడిగా కనిపించదు కాబట్టే చాలామంది గమనించరు.

## ఒకే షేరు, మూడు రకాల ఆర్డర్లు

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర మందుల షాపులో పనిచేసే తమ్ముడొకరు ఈ మధ్యే డీమ్యాట్ తెరిచాడు. ఓ చిన్న కంపెనీ షేర్లు 200 కొన్నాడు. సాయంత్రం ఫోన్ చూపించి అడిగాడు: “అన్నా, 142 అని చూసి కొట్టినా. 143.78 ఎట్ల పడింది? యాప్ వాళ్లేమన్నా కోసుకున్నారా?”

ఎవరూ ఏమీ కోసుకోలేదు. ఎల్‌టీపీ 142.10 దగ్గర ఉన్నప్పుడు అలాంటి షేరు డెప్త్ ఇలా ఉందనుకోండి:

| కొనేవారు ఇస్తామన్న ధర | షేర్లు | అమ్మేవారు అడుగుతున్న ధర | షేర్లు |
|---|---|---|---|
| 141.60 | 40 | 142.40 | 30 |
| 141.25 | 75 | 143.00 | 50 |
| 141.00 | 210 | 143.90 | 60 |
| 140.50 | 60 | 145.00 | 100 |
| 140.00 | 350 | 146.50 | 200 |

మార్కెట్ ఆర్డర్ పెడితే: 200 షేర్లు పూర్తయ్యేదాకా అది కుడివైపు వరుసలను పైనుంచి కిందికి తుడుచుకుంటూ పోతుంది. మొదటి 30 షేర్లు 142.40కి, తర్వాతి 50 షేర్లు 143కి, ఆపై 60 షేర్లు 143.90కి వస్తాయి. ఇంకా 60 కావాలి, అవి 145కి వస్తాయి. మొత్తం 28,756 రూపాయలు, సగటున షేరుకు 143.78. స్క్రీన్ మీద చూసిన 142.10 లెక్కన 28,420 అవ్వాలి. తేడా 336 రూపాయలు.

అంతటితో అయిపోలేదు. కొన్న మరుక్షణమే మనసు మారి అదే డెప్త్‌లో మార్కెట్ ఆర్డర్‌తో అమ్మేశాడనుకుందాం. ఇప్పుడు ఎడమవైపు వరుసలు తుడుచుకుపోతాయి. 40 షేర్లు 141.60కి, 75 షేర్లు 141.25కి, మిగిలిన 85 షేర్లు 141కి పోతాయి. చేతికొచ్చేది 28,242.75. కంపెనీలో ఏ మార్పూ లేదు, ఛార్జీలు ఇంకా లెక్కలోకే రాలేదు, అయినా 513 రూపాయలు పోయాయి. పెట్టిన డబ్బులో ఇది దాదాపు 1.8 శాతం.

143కి లిమిట్ పెడితే: 30 షేర్లు 142.40కి, 50 షేర్లు 143కి వెంటనే వస్తాయి. తర్వాతి అమ్మకందారు 143.90 అడుగుతున్నాడు, అది మీ హద్దు దాటింది కాబట్టి ఆర్డర్ అక్కడ ఆగుతుంది. మిగిలిన 120 షేర్ల ఆర్డర్ 143 ధరతో కొనేవారి వరుసలో అందరికంటే పైన నిలబడుతుంది. ఎవరైనా 143కి గానీ అంతకంటే తక్కువకు గానీ అమ్మడానికి వస్తే ముందు మీకే దక్కుతాయి.

ఇక్కడ కొత్తవాళ్లు తికమకపడే విషయం ఒకటుంది. 143 అని పెట్టాం కాబట్టి 30 షేర్లు కూడా 143కే పడతాయేమో అనుకుంటారు. పడవు. కొనేటప్పుడు లిమిట్ అంటే గరిష్ఠ ధర. అంతకంటే తక్కువకు అమ్మేవారు ఉంటే ఆ తక్కువ ధరకే వస్తుంది. అమ్మేటప్పుడు అది కనిష్ఠ ధర, ఎక్కువ ఇచ్చేవారు ఉంటే ఎక్కువే వస్తుంది.

141.80కి లిమిట్ పెడితే: ఆ ధరకు అమ్మేవారు ఇప్పుడు ఎవరూ లేరు, కాబట్టి ఒక్క షేరూ రాదు. అయితే 141.60 అంటున్నవారి కంటే మీ ధర పైన ఉంది, అందుకని వరుసలో ముందు మీరే ఉంటారు. ఎక్స్ఛేంజిలో ధర మెరుగ్గా ఇచ్చినవారికి మొదటి అవకాశం. ఒకే ధర ఇద్దరు ఇస్తే ముందు ఆర్డర్ పెట్టినవారికి. మధ్యాహ్నానికి షేరు కాస్త మెత్తబడితే 200 షేర్లూ 28,360 రూపాయలకు వచ్చేస్తాయి. మెత్తబడకపోతే 3:30కి మార్కెట్ మూసేసరికి ఆ రోజు ఆర్డర్ రద్దవుతుంది. రేపు కావాలంటే మళ్లీ పెట్టుకోవాలి.

నా మాట అడిగితే, ఇలాంటి షేరులో ఆ తమ్ముడు 142.40కో 143కో లిమిట్ పెట్టి, దొరికినన్ని తీసుకుని, మిగిలినవాటికి గంటో రెండు గంటలో ఆగి ఉండాల్సింది. అతనికి ఆ షేర్లు ఆ పూటే కావాల్సిన అవసరమేమీ లేదు. దేనికీ తొందర లేని మనిషి 336 రూపాయలు ఎందుకు కట్టాలి?

## పెద్ద కంపెనీ అయితే లెక్క తిరగబడుతుంది

నిఫ్టీ 50లో ఉండే పెద్ద కంపెనీ షేరు తీసుకోండి. ఎల్‌టీపీ 820.50, కొనేవారి మొదటి ధర 820.45, అమ్మేవారి మొదటి ధర 820.50, ఆ ఒక్క ధరకే 900 షేర్లు అమ్మకానికి ఉన్నాయనుకుందాం. మీకు కావాల్సింది 10. మార్కెట్ ఆర్డర్ పెడితే పదీ 820.50కే వచ్చేస్తాయి. రెండు వైపులకూ మధ్య తేడా ఐదు పైసలు. పది షేర్ల మీద అది అర్ధ రూపాయి.

ఇలాంటి చోట లిమిట్ పెట్టి కాపలా కాయడం వల్లనే నష్టం వచ్చే అవకాశం ఎక్కువ. నెలనెలా జీతంలోంచి కొంత పక్కనపెట్టి ఏళ్ల తరబడి ఉంచుకుందామని కొనేవారు, ‘ఐదు రూపాయలు తగ్గితే చూద్దాం’ అని 815కి లిమిట్ పెడతారు. వస్తే మిగిలేది 55 రూపాయలు. రాకుండా షేరు 828కి పోతే, వారం తర్వాత పది షేర్లకు 75 రూపాయలు ఎక్కువ పెట్టి కొంటారు, లేదా ‘తగ్గనీలే’ అనుకుంటూ ఆ నెల కొనడమే మానేస్తారు.

కింద పెట్టిన లిమిట్‌కు ఇంకో గుణం కూడా ఉంది, దాని గురించి తక్కువమంది చెబుతారు. మీ 815 ఆర్డర్ ఎప్పుడు నెరవేరుతుంది? ఎవరో 815కి అమ్మడానికి సిద్ధపడ్డప్పుడు, అంటే అమ్మకాల ఒత్తిడి ఉన్న రోజున. చెడు వార్త వచ్చి షేరు 790కి జారే రోజు మీ ఆర్డర్ తప్పకుండా అమలవుతుంది. మంచి వార్త వచ్చి 850కి ఎగిరే రోజు మాత్రం అమలు కాదు. ధర తగ్గించి అడగడంలో ఈ వంకర ఎప్పుడూ ఉంటుంది. ఆ కంపెనీ గురించి మీకు లెక్కేసుకున్న ధర ఒకటి ఉండి, ‘ఇంతకు వస్తేనే కొంటాను, లేకపోతే అక్కర్లేదు’ అనుకునేవారికి ఇది సమస్య కాదు. నాలుగు డబ్బులు మిగులుతాయని మాత్రమే కింద పెట్టేవారికి సమస్యే.

షేరు పలచగా ఉందో చిక్కగా ఉందో ఎలా పోల్చుకోవాలంటే, డెప్త్‌లో మొదటి వరుస చాలు. అమ్మేవారి మొదటి ధరకు ఉన్న షేర్లు మీకు కావాల్సినదానికంటే బాగా ఎక్కువగా ఉండి, రెండు వైపుల ధరలకూ మధ్య ఐదో పదో పైసల తేడానే ఉంటే మార్కెట్ ఆర్డర్‌కు భయం లేదు. మన చిన్న కంపెనీలో ఆ తేడా 80 పైసలు, మొదటి వరుసలో షేర్లు 30. కావాల్సింది 200. అది చూశాక మార్కెట్ అని నొక్కకూడదు.

## రాత్రి పెట్టే ఆర్డర్

కర్నూలులో ఆఫీసు ఉద్యోగం చేసేవారు గానీ, కడపలో బడికి వెళ్లే టీచర్ గానీ 9:15కి ఫోన్ పట్టుకుని కూర్చోలేరు. రాత్రి భోజనం చేశాక ఆర్డర్ పెడతారు. దీన్ని ఏఎంఓ అంటారు, మార్కెట్ మూసిన తర్వాత పెట్టే ఆర్డర్ అన్నమాట. బ్రోకర్ దాన్ని తన దగ్గర ఉంచుకుని పొద్దున ఎక్స్ఛేంజికి పంపుతాడు. కొందరు 9 గంటల ప్రీ-ఓపెన్ సెషన్‌కే పంపుతారు, కొందరు 9:15కి మామూలు మార్కెట్ తెరిచాక పంపుతారు.

రాత్రికీ పొద్దునకూ మధ్య ఫలితాలు రావచ్చు, ఇతర దేశాల మార్కెట్లు కదలవచ్చు. నిన్న 142 దగ్గర మూసిన షేరు ఈరోజు 153 దగ్గర తెరుచుకోవచ్చు. మార్కెట్ రకంలో పెట్టిన ఏఎంఓ ఆ 153నూ ఒప్పుకుంటుంది, ఎందుకంటే మీరు ‘ఎంతకైనా సరే’ అని రాసిచ్చారు. పైగా 9:15 తర్వాత మొదటి కొన్ని నిమిషాలు చిన్న షేర్లలో రెండు వైపుల ధరలూ ఎడంగా ఉంటాయి, వరుసల్లో షేర్లు తక్కువగా ఉంటాయి. కాబట్టి కంపెనీ పెద్దదైనా చిన్నదైనా, మీరు చూడని సమయంలో అమలయ్యే ఆర్డర్‌కు లిమిట్ తప్ప ఇంకోటి వద్దు. నిన్నటి ముగింపు ధర మీద మీరు ఎంతవరకు పోగలరో, అర శాతమో ఒక శాతమో, అంత కలిపి హద్దు పెట్టండి. అంతలో వస్తే వస్తుంది, లేదంటే సాయంత్రం ఇంటికొచ్చి మళ్లీ ఆలోచించుకోవచ్చు.

## బంగారం ఈటీఎఫ్ కొనేవారికి

ప్రొద్దుటూరు బంగారం అంగళ్లకు అలవాటైనవారు ఇప్పుడు కొంత డబ్బు గోల్డ్ ఈటీఎఫ్‌లలో, అంటే షేర్లలాగే ఎక్స్ఛేంజిలో కొనే బంగారం ఫండ్ యూనిట్లలో కూడా పెడుతున్నారు. అంగట్లో ఈరోజు గ్రాము ధర ఎంతో తెలియకుండా ఎవరూ కొనరు. ఈటీఎఫ్‌కు కూడా అలాంటి అసలు ధర ఒకటుంది, దాన్ని ఐ-ఎన్‌ఏవీ అంటారు. ఆ యూనిట్ వెనకున్న బంగారం విలువ ఆ సమయానికి ఎంతో అది చెబుతుంది. ఫండ్ సంస్థ వెబ్‌సైట్‌లో రోజంతా మారుతూ కనిపిస్తుంది.

లావాదేవీలు పలచగా ఉండే ఈటీఎఫ్‌లో ఐ-ఎన్‌ఏవీ 100.20 ఉంటే, అమ్మేవారి మొదటి వరుస 100.40కి 50 యూనిట్లు, తర్వాతి వరుస 102కి 500 యూనిట్లు ఉండవచ్చు. 300 యూనిట్లకు మార్కెట్ ఆర్డర్ పెట్టినవారు 250 యూనిట్లు 102కి కొంటారు, అంటే ఉన్న విలువ కంటే 1.80 ఎక్కువ పెట్టి. ఇక్కడ లిమిట్ ఎంత పెట్టాలో ఊహించాల్సిన పని కూడా లేదు. ఐ-ఎన్‌ఏవీకి పది ఇరవై పైసలు అటూ ఇటూ పెడితే సరిపోతుంది. షేరుకు ఇలాంటి కొలబద్ద ఉండదు, ఈటీఎఫ్‌కు ఉంది. ఉన్నప్పుడు వాడుకోవాలి.

## అమ్మాల్సి వచ్చినప్పుడు

కొనేటప్పుడు తొందర అరుదు. అమ్మేటప్పుడు నిజంగానే ఉంటుంది. ఆసుపత్రి ఖర్చు, కాలేజీ ఫీజు, చీటీ కట్టాల్సిన రోజు. ఇక్కడ రోజుల లెక్క తెలిసి ఉండాలి. 2023 జనవరి 27 నుంచి మన దగ్గర షేర్లన్నీ మరుసటి పనిదినాన సెటిల్ అవుతున్నాయి. గురువారం అమ్మితే శుక్రవారం డబ్బు ట్రేడింగ్ ఖాతాకు చేరుతుంది, అక్కడి నుంచి బ్యాంకుకు తీసుకోవాలి. శుక్రవారం అమ్మితే సోమవారానికే. కాబట్టి సోమవారం పొద్దున ఫీజు కట్టాల్సినవారు గురువారం మధ్యాహ్నం దాకా ‘ఇంకో రెండు రూపాయలు పెరిగితే’ అని పై ధరకు లిమిట్ పెట్టుకుని కూర్చోకూడదు.

అలాగని చిన్న షేరులో మార్కెట్ ఆర్డర్ కూడా వద్దు. మధ్య దారి ఒకటుంది. కొనేవారు ఇస్తామన్న ధరకే లిమిట్ పెట్టడం. పై పట్టికలో 100 షేర్లు అమ్మాలంటే 141.25కి లిమిట్ పెట్టండి. 40 షేర్లు 141.60కి, 60 షేర్లు 141.25కి వెంటనే పోతాయి. మార్కెట్ ఆర్డర్ అంత వేగంగానే పని జరిగింది. మీరు నొక్కే లోపు ఆ కొనేవారు తప్పుకుంటే మాత్రం, మార్కెట్ ఆర్డర్ 141కి జారిపోతుంది, మీది జారదు. కొనేటప్పుడు కూడా ఇదే పద్ధతి, అమ్మేవారు అడుగుతున్న ధరకే లిమిట్. కొత్తవారికి రోజువారీ అలవాటుగా నేను చెప్పేది ఇదొక్కటే.

లిమిట్‌లోనూ ఒక ప్రమాదం ఉంది. అంకె తప్పు కొడితే అది కాపాడదు. 143.50కి అమ్మాలనుకుని 134.50 కొట్టారంటే, 134.50 దాకా ఎంతకైనా ఇస్తాననే అర్థం. పలచటి షేరులో అది మార్కెట్ ఆర్డర్ చేసే పనే చేస్తుంది. కొన్ని యాప్‌లు హెచ్చరిస్తాయి, అన్నీ కాదు. నిర్ధారించే ముందు స్క్రీన్ మీద మొత్తం విలువ ఎంత చూపిస్తోందో ఒకసారి చదవండి.

ఇక షేరు లోయర్ సర్క్యూట్‌లో ఇరుక్కున్న రోజు ఏ ఆర్డరూ ఆదుకోదు. ఆ రోజుకు అనుమతించిన అత్యంత తక్కువ ధరకు చేరాక, కొనేవారి వైపు వరుసలు ఖాళీగా ఉంటాయి. అమ్మేవారు వేలల్లో ఉంటారు. కొనేవాడే లేనప్పుడు ‘ఎంతకైనా’ అన్నా ఉపయోగం లేదు, అంతకంటే తక్కువ ధర పెట్టడానికి ఎక్స్ఛేంజి ఒప్పుకోదు. అక్కడ పనిచేసేది వరుసలో మీ స్థానం మాత్రమే, ముందు పెట్టినవారికి ముందు. తప్పనిసరిగా బయటపడాలనుకుంటే సర్క్యూట్ ధరకే లిమిట్ పెట్టి, వీలైనంత ముందుగా పెట్టి, దాన్ని కదపకుండా ఉంచాలి. ధర మార్చినా, షేర్ల సంఖ్య పెంచినా వరుసలో వెనక్కి వెళ్తారు.

## ఎవరికి ఏది

| మీ పరిస్థితి | ఎంచుకోవాల్సింది |
|---|---|
| నిఫ్టీ 50 షేరు, పదో ఇరవయ్యో, మార్కెట్ నడుస్తున్న సమయం | మార్కెట్ సరిపోతుంది |
| నెలనెలా కొని ఏళ్లు ఉంచుకునేవారు, పెద్ద కంపెనీ | మార్కెట్, లేదా అమ్మేవారి ధరకే లిమిట్. కింద పెట్టి కాచుకోవద్దు |
| చిన్న కంపెనీ, డెప్త్‌లో వరుసలు పలచన | లిమిట్ మాత్రమే, దొరికినన్ని తీసుకుంటూ |
| రాత్రి పెట్టే ఆర్డర్ | లిమిట్ మాత్రమే |
| ఈటీఎఫ్ | ఐ-ఎన్‌ఏవీ దగ్గర్లో లిమిట్ |
| అర్జంటుగా డబ్బు కావాలి | కొనేవారి ధరకే లిమిట్. పెద్ద కంపెనీ అయితే మార్కెట్ కూడా ఫర్వాలేదు |

లిమిట్‌లో సగమే వచ్చి సగం ఆగిపోతే ఏం చేయాలని అడిగేవారుంటారు. అదే రోజు మిగిలిన భాగం వస్తే అది ఒకే ఆర్డర్ కింద లెక్క. మరుసటి రోజు మళ్లీ పెడితే కొత్త ఆర్డర్, బ్రోకరేజీ కూడా కొత్తగా పడుతుంది. మీ బ్రోకర్ ఒక్కో ఆర్డర్‌కు ఇంత అని తీసుకుంటుంటే, మిగిలిన 20 షేర్ల మీద షేరుకు పావలా మిగిల్చుకోవడానికి రేపటిదాకా ఆగడం దండగ. ఐదు రూపాయలు మిగులుతాయి, బ్రోకరేజీ అంతకంటే ఎక్కువ పోతుంది. అప్పుడు మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో డెప్త్ మరోసారి చూసి, లిమిట్‌ను అమ్మేవారి ధరకు మార్చి ముగించేయండి. తేడా షేరుకు రెండు మూడు రూపాయలుంటే మాత్రం రేపటికి వదిలేయండి.